CO అణువులు J = 7 దగ్గరే ఎందుకు గుమిగూడతాయి: భ్రమణ స్థాయిల జనాభా, ఉష్ణోగ్రత లెక్క

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి ఏడాది చదువుతున్నాను సర్. బోల్ట్జ్‌మన్ సూత్రం ప్రకారం శక్తి పెరిగేకొద్దీ అణువులు తగ్గాలి కదా, మరి CO లో J = 0 కంటే J = 7 లో ఎక్కువ ఉంటాయంటారేమిటి? ఫార్ములాలో వేస్తే నాకు 6.86 వచ్చింది. 6 రాయాలా, 7 రాయాలా? గ్యాస్‌ని వేడి చేస్తే ఈ నంబరు ఎలా మారుతుంది?

సమాధానం:

సూత్రం సరైనదే, మీరు దాన్ని వర్తింపజేసిన చోటే తేడా ఉంది. బోల్ట్జ్‌మన్ సూత్రం మాట్లాడేది ఒక్కో క్వాంటం స్థితి గురించి. J = 7 అనేది ఒక స్థితి కాదు, ఒక స్థాయి. స్థాయిని అంతస్తు అనుకోండి, స్థితిని ఆ అంతస్తులోని గది అనుకోండి. J = 0 అంతస్తులో ఒకే గది. J = 1 లో మూడు. J = 7 లో పదిహేను. ఎందుకంటే కోణీయ ద్రవ్యవేగం ఒక దిశలో చూపే భాగం M విలువ −J నుంచి +J దాకా ఏ పూర్ణాంకమైనా కావచ్చు. బయట విద్యుత్ క్షేత్రం గానీ అయస్కాంత క్షేత్రం గానీ లేనప్పుడు ఆ 2J+1 స్థితుల శక్తి ఒక్కటే. దీన్నే క్లాసులో డీజెనరసీ అంటారు.

గది గదికీ పోల్చితే మీరు అన్నదే నిజం. 300 K దగ్గర CO లో J = 7 అంతస్తులోని ఏ ఒక్క గది తీసుకున్నా, అందులో ఉండే అణువుల సంఖ్య J = 0 గదిలో ఉన్నవాటిలో దాదాపు 0.6 వంతే. కానీ అలాంటి గదులు పదిహేను ఉన్నాయి. పదిహేనుని 0.6 తో గుణిస్తే తొమ్మిది. అంటే J = 0 లో ఒక అణువు ఉంటే J = 7 మొత్తంలో తొమ్మిది ఉంటాయి. వర్ణపటంలో గీతలు వచ్చేది స్థాయిని బట్టి కాబట్టి మనకు కనిపించేది ఈ తొమ్మిదే, ఆ 0.6 కాదు.

దీన్నే సూత్రంగా రాస్తే ఇలా ఉంటుంది. B అంటే అణువు భ్రమణ స్థిరాంకం, q అంటే అన్ని స్థాయిల పదాలూ కలిపిన మొత్తం.

```
N(J)/N = (2J+1) · exp[-B·J(J+1)/kT] / q
q ≈ kT/B + 1/3
```

ఇక్కడ చాలామంది యూనిట్ల దగ్గర బోర్లాపడతారు. B ని cm⁻¹ లో తీసుకుని k ని జౌళ్లలో పెడితే లెక్క ఎక్కడికో పోతుంది. నా అలవాటు అంతా cm⁻¹ లోనే చేయడం. అప్పుడు k = 0.695 cm⁻¹/K. 300 K దగ్గర kT = 208.5 cm⁻¹. CO కి అత్యల్ప కంపన స్థాయిలో B = 1.9225 cm⁻¹. ఈ రెండు సంఖ్యలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. J = 0 నుంచి J = 1 కి ఎక్కాలంటే కావలసింది 2B, అంటే 3.845 cm⁻¹. అణువులు ఒకదాన్నొకటి ఢీకొన్నప్పుడు చేతులు మారే శక్తి 208 చుట్టూ ఉంది. అంత శక్తి అందుబాటులో ఉన్నప్పుడు నాలుగు కూడా లేని ఆ మెట్టు దాదాపు లేనట్టే. అందుకే మొదటి కొన్ని మెట్ల దగ్గర ఘాతీయ పదం దాదాపు 1 గానే ఉండిపోతుంది, గదుల సంఖ్య మాత్రం 1, 3, 5, 7 అని పెరుగుతుంది. జనాభా ఎగబాకుతుంది.

300 K దగ్గర శాతాల్లో కొన్ని విలువలు:

```
J =  0    0.92
J =  1    2.71
J =  5    7.67
J =  6    8.11
J =  7    8.23
J =  8    8.05
J = 15    3.12
J = 20    0.78
```

ఇందులో నేను ప్రతి ఏడాదీ విద్యార్థుల చేత ఒకసారి ఆగి చూపించేది మొదటి వరుసనీ చివరి వరుసనీ. J = 20 శక్తి 807 cm⁻¹, అంటే kT కి దాదాపు నాలుగింతలు. అయినా అక్కడి జనాభా J = 0 జనాభాకి దరిదాపుల్లోనే ఉంది. అలాగే శిఖరం ఎంత చదునుగా ఉందో గమనించండి. 6, 7, 8 మూడింటికీ తేడా శాతంలో పదో వంతు, రెండు పదో వంతులు. మీ 6.86 ప్రశ్నకి జవాబు ఈ చదునులోనే ఉంది.

పుస్తకాల్లో J ని నిరంతర చలరాశిగా భావించి, అవకలనం చేసి, సున్నాకి సమానం చేసి ఈ సూత్రం రాబడతారు.

```
Jmax = sqrt(kT/2B) - 1/2
```

లెక్క బాగానే ఉంటుంది, కానీ J నిజంగా పూర్ణాంకం కాబట్టి చివర్లో "ఇప్పుడేం చేయాలి" అన్న అనుమానం మిగిలిపోతుంది. నాకు నచ్చే దారి వేరు. ఒక అంతస్తుని దాని కింది అంతస్తుతో పోల్చండి.

```
N(J)/N(J-1) = [(2J+1)/(2J-1)] · exp(-2BJ/kT)
```

ఈ నిష్పత్తి 1 కంటే ఎక్కువ ఉన్నంతకాలం జనాభా పెరుగుతున్నట్టు. 1 కంటే కిందికి పడగానే దాని ముందు స్థాయే శిఖరం. CO కి 300 K దగ్గర వేసి చూస్తే J = 1 కి 2.95, J = 2 కి 1.61, J = 3 కి 1.32 వస్తాయి. అలా తగ్గుతూ తగ్గుతూ J = 6 కి 1.06, J = 7 కి 1.01, J = 8 కి 0.98. కాబట్టి J = 7 ఇంకా J = 6 కంటే మీద ఉంది, J = 8 మాత్రం J = 7 కంటే కిందికి జారింది. జవాబు 7. అవకలనం అక్కర్లేదు, అనుమానం మిగలదు.

నిష్పత్తి సరిగ్గా 1 అయ్యే చోటు ఎక్కడో కూడా ఇదే చెబుతుంది. (2J+1)/(2J−1) కి సహజ లాగరిథమ్ దాదాపు 1/J. J = 1 కి కొంచెం తేడా ఉంది, 1.10. J = 2 కి 0.511, ఉండాల్సింది 0.5. J = 7 కి వచ్చేసరికి మూడో దశాంశం దాకా తేడా కనిపించదు. కాబట్టి నిష్పత్తి 1 కావాలంటే 1/J = 2BJ/kT, అంటే J² = kT/2B. దీన్నుంచి చేతిలో పెట్టుకోదగ్గ సులువు ఒకటి దొరుకుతుంది. kT/2B కి వర్గమూలం తీసి దశాంశ భాగం వదిలేయండి, మిగిలిన పూర్ణాంకమే అత్యధిక జనాభా గల స్థాయి. CO కి వర్గమూలం 7.36, కాబట్టి 7. మీ పద్ధతిలో ½ తీసేస్తే 6.86. దాన్ని దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తే అదే 7. రెండూ ఒకటే. తప్పు ఎక్కడ జరుగుతుందంటే ½ తీసేశాక మళ్లీ దశాంశం కూడా కోసేసి 6 రాసినప్పుడు. పరీక్ష పేపర్లలో నేను ఎక్కువగా దిద్దేది ఆ ఒక్క తప్పునే. సందేహం ఉంటే పైన చెప్పిన నిష్పత్తి రెండుసార్లు వేసి చూసుకోండి, నిమిషం పని.

HCl కి కూడా ఒకసారి వేద్దాం, ల్యాబ్‌లో ఎక్కువగా చేసేది అదే కాబట్టి. ³⁵Cl ఉన్న HCl కి B = 10.44 cm⁻¹. 208.5 ని 20.88 తో భాగిస్తే 9.99, వర్గమూలం 3.16, జవాబు 3. హైడ్రోజన్ తేలిక కావడం వల్ల జడత్వ భ్రామకం చిన్నది, B పెద్దది, అంతస్తుల మధ్య ఎత్తు ఎక్కువ. అందుకే శిఖరం కిందనే ఆగిపోయింది.

ఇక వేడి సంగతి. J² = kT/2B అన్నదాన్ని తిరగేసి చదవండి. J స్థాయి శిఖరం కావాలంటే ఉష్ణోగ్రత కనీసం (2B/k)·J² దాటాలి. CO కి 2B/k విలువ 5.53 K. కాబట్టి J = 2 కి 22 K, J = 3 కి 50 K, J = 7 కి 271 K, J = 8 కి 354 K. J = 1 కి మాత్రం ఆ లాగరిథమ్ తేడా వల్ల 5.53 కాదు, కచ్చితంగా 5.04 K. అంతకంటే చల్లగా ఉంటేనే CO లో J = 0 అన్నిటికంటే జనసమ్మర్దమైన స్థాయి అవుతుంది. మీరు మొదట ఊహించిన చిత్రం, కింది స్థాయిలో అందరూ, పైకి పోయేకొద్దీ పలచబడటం, నిజమయ్యేది ఆ చలిలోనే.

మెట్లు పైకి పోయేకొద్దీ ఒక్కో మెట్టు ఎంత వెడల్పవుతుందో చూశారా? J = 7 శిఖరంగా ఉండేది 271 K నుంచి 354 K దాకా, అంటే −2 °C నుంచి 81 °C దాకా. లంబసింగి చలికాలపు తెల్లవారుజాము నుంచి రామగుండం మే నెల మధ్యాహ్నం దాకా గాలిలో ఉన్న CO కి శిఖరం J = 7 దగ్గరే. కాబట్టి "అత్యధిక జనాభా స్థాయి చూసి ఉష్ణోగ్రత చెప్పండి" అనే లెక్కకి మీరు ఒకే సంఖ్య రాసి వదిలేయకూడదు, అది ఒక పెద్ద పరిధి మాత్రమే. అసలు ఉష్ణోగ్రత ఎలా తీయాలో కింద చెబుతాను.

వేడి చేస్తే శిఖరం జరగడమే కాదు, పొట్టిదవుతుంది కూడా. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఉష్ణోగ్రతను నాలుగింతలు చేసి, 1200 K దగ్గర చూద్దాం. వర్గమూలం రెట్టింపై 14.73 అవుతుంది, శిఖరం J = 14. అక్కడి జనాభా 4.12 శాతం. 300 K శిఖరం 8.23. అంటే సరిగ్గా సగం. శిఖరం చోటు √T లెక్కన పైకి పోతుంది, దాని ఎత్తు 1/√T లెక్కన పడిపోతుంది. ఉన్న అణువులే రెట్టింపు అంతస్తుల్లో సర్దుకోవాలి కాబట్టి ఒక్కో అంతస్తుకి సగం వస్తాయి. J = 0 లో 0.92 ఉన్నది 0.23 కి, నాలుగో వంతుకి పడిపోయింది. J = 7 లోనూ 8.23 నుంచి 3.04 కి తగ్గింది. J = 20 లో మాత్రం 0.78 నుంచి 3.59 కి పెరిగింది. వేడి చేస్తే అన్ని పై స్థాయిలూ నిండుతాయి, కింద ఉన్నవన్నీ ఖాళీ అవుతాయి అని మొత్తంగా చెప్పేయడం సరిపోదు. ఏ స్థాయి పెరుగుతుంది, ఏది తగ్గుతుంది అన్నది దాని శక్తి kT తో పోల్చితే ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి. స్థాయి శక్తి kT కంటే తక్కువైతే వేడి దాని వాటా తగ్గిస్తుంది, ఎక్కువైతే పెంచుతుంది. శిఖరం శక్తి ఎప్పుడూ దాదాపు kT/2 దగ్గర ఉంటుంది. అందుకే ఏ ఉష్ణోగ్రతలో ఏది శిఖరమో, ఇంకాస్త వేడి చేయగానే ఆ స్థాయి తగ్గడం మొదలవుతుంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ ఒకసారి లెక్కేసి చూస్తే మనసులో నిలిచిపోతుంది.

1200 K దగ్గర ఒక జాగ్రత్త. అప్పటికి CO అణువుల్లో దాదాపు 7 శాతం పై కంపన స్థాయికి వెళ్లిపోతాయి. పైన ఇచ్చిన శాతాలు కింది కంపన స్థాయిలో మిగిలినవాటి మధ్య పంపకం. గది ఉష్ణోగ్రతలో ఈ గొడవ లేదు.

చల్లటి వైపు కూడా ఒకసారి చూడండి. నక్షత్రాలు పుట్టే అణు మేఘాల్లో వాయువు 10 K చుట్టూ ఉంటుంది. అక్కడ CO ని లెక్కేస్తే J = 0 లో 25 శాతం, J = 1 లో 43.5, J = 2 లో 24, J = 3 లో 6.4, ఆ పైన దాదాపు ఏమీ లేవు. రేడియో ఖగోళవేత్తలు 115.27 GHz దగ్గర వెతికే గీత J = 1 నుంచి 0 కి దిగేటప్పుడు వెలువడేదే. అంత చలిలోనూ ఆ గీత పుట్టడానికి కావలసిన స్థాయిలో సగానికి దగ్గరగా అణువులు ఉండటం ఈ పంపకం చలవే.

జనాభా నుంచి ఉష్ణోగ్రత తీయడంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ CN ది. 1941 లో ఆండ్రూ మెక్‌కెల్లర్ అనే కెనడా ఖగోళవేత్త నక్షత్రాల మధ్య ఉన్న CN గీతల్ని పరిశీలించాడు. భూస్థాయి నుంచి మొదలయ్యే గీత ఒకటి, మొదటి భ్రమణ స్థాయి నుంచి మొదలయ్యే గీత ఇంకొకటి. రెండిటి బలాల నిష్పత్తి నుంచి ఆ రెండు స్థాయిల జనాభా నిష్పత్తి తీసి, ఉష్ణోగ్రత 2.3 K అని లెక్కగట్టాడు. ఆ సంఖ్య వెనక ఏముందో అప్పుడు ఎవరికీ తెలియలేదు. విశ్వమంతా నిండిన మైక్రోవేవ్ వికిరణాన్ని పెంజియాస్, విల్సన్ కనుగొన్నట్టు ప్రకటించింది 1965 లో. ఇప్పుడు దాని ఉష్ణోగ్రత 2.725 K అని తెలుసు. CN రెండు స్థాయిల మధ్య దూరం 3.78 cm⁻¹. 2.725 K దగ్గర kT = 1.894. నిష్పత్తి 3·exp(−3.78/1.894) = 0.41. మూడుతో గుణించడం మరిచిపోతే ఆ 0.41 ని చూసి ఉష్ణోగ్రత 6 K అని చెప్పేస్తారు. మీరు అడిగిన ప్రశ్నలోని 2J+1 కి ఉన్న విలువ అంత.

ఇప్పుడు ల్యాబ్ వైపు వస్తాను, ఎందుకంటే ఇక్కడే అసలు తికమక. అత్యధిక జనాభా గల స్థాయీ, వర్ణపటంలో అన్నిటికంటే బలమైన గీతా ఒకటే అనుకోకండి. గీత బలంలో జనాభాతో పాటు ఆ పరివర్తన జరిగే సంభావ్యత కూడా ఉంటుంది. CO పరారుణ పట్టీలో, అంటే 2143 cm⁻¹ చుట్టూ, అదృష్టవశాత్తూ రెండూ కలుస్తాయి. J ఒకటి పెరిగే R శాఖలో బలం (J+1)·exp(−E/kT) తో, J ఒకటి తగ్గే P శాఖలో J·exp(−E/kT) తో పోతుంది. 2J+1 ఇక్కడ సంభావ్యతలోని హారంతో కొట్టుకుపోయి J+1, J మాత్రమే మిగులుతాయి. 300 K దగ్గర లెక్కేస్తే బలమైన గీతలు R(7), P(7). ఇవి 2173, 2116 cm⁻¹ దగ్గర ఉంటాయి, మధ్య దూరం 57. గీతలు విడివిడిగా కనిపించని పాత యంత్రం మీద రెండు మూపురాలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరం sqrt(8BkT), అంటే 56.6. ఇదీ √T తోనే పెరుగుతుంది. గీతలు విడదీయలేనప్పుడు ఉష్ణోగ్రత అంచనాకి ఇది మంచి ఆధారం.

శుద్ధ భ్రమణ వర్ణపటంలో మాత్రం కథ మారిపోతుంది. అక్కడ శోషించే ఫోటాన్ శక్తే J తో పాటు పెరుగుతుంది. పైగా ఆ శక్తి kT కంటే చాలా చిన్నది కాబట్టి పై స్థాయి నుంచి ఉత్తేజిత ఉద్గారం శోషణలో చాలా భాగాన్ని రద్దు చేస్తుంది, ఆ రద్దు J పెరిగేకొద్దీ తగ్గుతుంది. అన్నీ కలిసి బలం దాదాపు (J+1)³·exp(−E/kT) లా పోతుంది. CO కి 300 K దగ్గర బలమైన గీత J = 12 నుంచి 13 కి ఎక్కేది, 50 cm⁻¹ దగ్గర. J = 7 జనాభా ఎక్కువ కదా అని 31 cm⁻¹ దగ్గర శిఖరం వెతికితే దొరకదు.

ఉష్ణోగ్రత తీయాలంటే ఒక్క శిఖరాన్ని నమ్ముకోకుండా గీతలన్నిటినీ వాడాలి. R శాఖకి ln[I/(J+1)] ని నిలువు అక్షం మీద, J(J+1) ని అడ్డం మీద పెట్టి గీయండి. సరళరేఖ రావాలి, దాని వాలు −B/kT. 300 K CO కి ఆ వాలు −0.00922.

సరళరేఖ రాకపోతే ఏమిటి? మా ల్యాబ్‌లో జరిగిందే చెబుతాను. ఒక బ్యాచ్ 10 సెంటీమీటర్ల సెల్‌లో CO నింపి ఎఫ్‌టీఐఆర్ మీద వర్ణపటం తీసింది. గది 300 K. వాళ్ల లెక్కలో 380 K వచ్చింది. థర్మామీటర్ మీద అనుమానం, B విలువ మీద అనుమానం, గంట గడిచింది. గ్రాఫ్ తెప్పించి చూశాను. బిందువులు మధ్యలో, J = 4 నుంచి 10 దాకా, కిందికి కుంగి ఉన్నాయి. పాత నులక మంచంలా. అది చూడగానే విషయం అర్థమైంది. CO గీతలు చాలా సన్ననివి. వాతావరణ పీడనంలో కూడా ఒక్కో గీత వెడల్పు 0.1 cm⁻¹ చుట్టూనే, తక్కువ పీడనంలో ఇంకా సన్నం. యంత్రం విభేదన సామర్థ్యం 1 cm⁻¹ దగ్గర పెట్టారు. అప్పుడు గీత మధ్యలో కాంతి పూర్తిగా ఆగిపోయినా, యంత్రం దాన్ని పక్కనున్న ఖాళీతో కలిపి సగటు చేసి చిన్న గుంటలా చూపిస్తుంది. తెర మీద శోషణాంకం 0.2 అని కనిపిస్తుంది, ఇంత చిన్నదానికి సంతృప్తత ఎక్కడిది అనిపిస్తుంది. నిజంగా గీత మధ్యలో అది ఎప్పుడో నిండిపోయింది. బలమైన గీతలు తమ బలానికి తగ్గ ఎత్తు చూపలేవు, రెండు చివరల బలహీన గీతలు చూపగలవు. J(J+1) అక్షం మీద ఎక్కువ చోటు పై J లదే కాబట్టి రేఖ వాలు తగ్గుతుంది, ఉష్ణోగ్రత ఎక్కువ వస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి నేను చేయించేది ఒకటే. సెల్‌లో CO పీడనం సగానికి తగ్గించి మళ్లీ తీయించడం. సంతృప్తత లేకపోతే అన్ని గీతలూ సగమవుతాయి. ఉంటే బలమైనవి సగం కంటే తక్కువగా తగ్గుతాయి. ఆ రోజు R(7) సగం కావలసింది నాలుగో వంతు కూడా తగ్గలేదు, R(20) మాత్రం సరిగ్గా సగమైంది. CO ని బాగా తగ్గించి, మిగతాది నైట్రోజన్‌తో వాతావరణ పీడనం దాకా నింపి, గీతల్ని వెడల్పు చేయించాను. విభేదన సామర్థ్యాన్ని యంత్రం ఇవ్వగలిగినంత మెరుగ్గా పెట్టించాను. మంచం బిగిసింది, ఉష్ణోగ్రత 300 దరికి వచ్చింది. ఎత్తులకు బదులు గీత కింది వైశాల్యం కొలిస్తే కొంత మేలు గానీ, అప్పటికే నిండిపోయిన గీతని వైశాల్యం కూడా కాపాడలేదు.

చేత్తో వేసే ఓపిక లేకపోతే ఈ చిన్న కోడ్ సరిపోతుంది. B, T మార్చుకుంటూ చూడండి.

```python
from math import exp
B, T = 1.9225, 300
kT = 0.695035 * T
n = [(2*J+1)*exp(-B*J*(J+1)/kT) for J in range(100)]
q = sum(n)
for J in range(25):
    print(J, round(100*n[J]/q, 2))
```

T ని 270 పెట్టి ఒకసారి, 272 పెట్టి ఒకసారి నడిపి J = 6, J = 7 విలువలు చూడండి. ఆ రెండు డిగ్రీల మధ్య శిఖరం చేతులు మారుతుంది. కాకపోతే రెండు దశాంశాలకి రెండూ సమానంగా కనిపిస్తాయి, round లో 2 తీసేసి 4 పెట్టుకోండి.

చివరిగా, ఈ సూత్రాన్ని N₂, O₂, H₂ లాంటి వాటికి గుడ్డిగా వాడకండి. రెండు పరమాణువులూ ఒకటే అయినప్పుడు కేంద్రక స్పిన్ వల్ల సరి J లకీ బేసి J లకీ వేర్వేరు బరువులు వస్తాయి. ¹⁴N₂ లో సరి J లకి 6, బేసి J లకి 3. అంటే సరి స్థాయిలకి రెట్టింపు. N₂ కి B = 1.99 cm⁻¹, CO కి దగ్గరే. 300 K దగ్గర వర్గమూలం 7.24, సూత్రం 7 అంటుంది. కానీ J = 7 బేసి. దానికి దక్కేది పక్కవాటిలో సగమే. పోటీ 6 కీ 8 కీ మధ్య. (2J+1)·exp విలువలు చూస్తే J = 6 కి 8.71, J = 8 కి 8.55. కాబట్టి నైట్రోజన్‌కి అత్యధిక జనాభా గల స్థాయి J = 6. రామన్ వర్ణపటంలో గీతలు ఒకటి బలంగా, ఒకటి బలహీనంగా మారిమారి కనిపించేది ఇందుకే. O₂ లో ఇంకా తీవ్రం. ¹⁶O కేంద్రక స్పిన్ సున్నా కాబట్టి ఒక స్థాయి విడిచి ఒక స్థాయి అసలు ఉండనే ఉండదు, బేసి భ్రమణ సంఖ్యలు మాత్రమే మిగులుతాయి. ఇలాంటి అణువు లెక్క వస్తే ముందు kT/2B వర్గమూలం తీయండి, తర్వాత దాని అటూ ఇటూ ఉన్న రెండేసి స్థాయిలకి స్పిన్ బరువు కూడా కలిపి విలువలు వేసి పోల్చండి.